మద్దతు ధర, మద్దతు గీత

ఉత్తర తెలంగాణలో పత్తి పండించేవారి నోట ‘మద్దతు’ అనే మాటకు ఇప్పుడు రెండు అర్థాలు ఏర్పడ్డాయి. మొదటిది అందరమూ ఎరిగినదే: కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధర. రెండవది చేతిఫోను తెర మీద అడ్డంగా సాగే గీత. ధర దిగి దిగి ఏ మట్టం దగ్గర మునుపు ఆగిందో, ఈసారీ అక్కడే ఆగుతుందని చెప్పే గీత. ఆంగ్లంలో సపోర్టు అంటారు. పైన, ధర ఎక్కలేక వెనుదిరిగిన మట్టాన్ని రెసిస్టెన్సు అంటారు. మనం నిరోధం అనుకుందాము.

జమ్మికుంట వైపు నాకు పరిచయమున్న ఒక యువరైతు ఒకనాడు తన ఫోనులో ఇటువంటి చార్టొకటి చూపించాడు. ఎర్రవీ ఆకుపచ్చవీ కొవ్వొత్తులు వరుసగా నిలబడి ఉన్నాయి. కింద ఒక గీత.

“చూడు అన్నా, మూడుసార్లు గీడికే వచ్చి లేచింది. ఇగ దిగదు” అన్నాడు.

“ఇది ఎక్కడి ధర తమ్మీ?” అని అడిగాను.

“పత్తిదే” అన్నాడు.

పత్తిదే, కాని ఎక్కడి పత్తి, ఎవరి పత్తి అన్నది ఆ కొవ్వొత్తుల మీద రాసి లేదు. అది ఎక్స్ఛేంజిలో జరిగే వాయిదా వ్యాపారపు చార్టు. ఎన్‌సీడీఈఎక్స్ వారి కపాస్ కాంట్రాక్టులో ధరను 20 కిలోల లెక్కన చెబుతారు. దానికి గుజరాత్ రాష్ట్రపు పత్తి ఆధారం. అతని ఇంట్లో ఉన్నది మాత్రం మూడోసారి ఏరిన పత్తి. అమ్మాలా, ఉంచాలా అన్న నిర్ణయాన్ని అతడు ఆ గీత మీద ఆనించి కూర్చున్నాడు. ఆ గీతలు ఎక్కడ పుట్టాయో, మన యార్డు దాకా వచ్చేసరికి వాటిలో ఎంత మిగులుతుందో చూడాలన్న కోరిక నాకు అప్పుడే కలిగింది.

కొవ్వొత్తి చార్టు జన్మస్థానం జపాను. పుస్తకాలన్నీ 18వ శతాబ్దంలో సకాతా అనే ఓడరేవు పట్టణానికి చెందిన హొమ్మా మునెహిసా అనే బియ్యం వర్తకుణ్ణి దీనికి మూలపురుషుడిగా చెబుతాయి. ఆయన బియ్యం వర్తకంలో గొప్ప పేరు గడించినవాడన్నది నిజమే. కాని ఇవాళ మనం చూస్తున్న కొవ్వొత్తి బొమ్మను ఆయనే గీశాడన్నది మాత్రం నమ్మకం పాలు ఎక్కువైన కథ. ఈ చార్టులను 1991లో తన పుస్తకంతో పాశ్చాత్యులకు పరిచయం చేసిన స్టీవ్ నిసన్ సైతం ఇవి మెయిజీ యుగపు తొలినాళ్లలో, అంటే 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో రూపుదిద్దుకొని ఉండవచ్చుననే భావించాడు. మూలపురుషుడి కథ కంటే నాకు ఆసక్తి కలిగించేది ఆ బొమ్మకు నేపథ్యమైన అంగడి.

ఒసాకా నగరంలోని దొజిమా బియ్యం అంగడిని 1730లో షోగున్ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. అక్కడ ఒక పక్క గిడ్డంగి చీటీల మీద నిజమైన బియ్యం చేతులు మారేది. మరో పక్క కేవలం ఖాతాపుస్తకాల మీద వ్యాపారం నడిచేది. ఈ రెండవదానికి ఒక రకం బియ్యాన్ని ప్రమాణంగా నిర్ణయించేవారు. ఆ రకానికే రోజంతా ధర పలుకుతుంది. ఉదయం కొన్నవాడు మధ్యాహ్నం అమ్మవచ్చు. బియ్యపు గింజ ఒక్కటి కూడా కదలదు. ఇక వ్యాపారం ముగించే పద్ధతి మరీ విచిత్రం. ఒక పెట్టెలో వత్తి వంటి తాడును వెలిగించి ఉంచేవారు. అది కాలి ఆరిపోయే వేళకు పలికిన ధరే ఆనాటి ముగింపు ధర. వత్తి ఆరిన తరువాత కూడా బేరాలు మానని వర్తకుల మీద నీళ్లు చల్లి చెదరగొట్టేవారట!

ఈ వివరాన్ని కేవలం వింత కోసం చెప్పడం లేదు. కొవ్వొత్తి బొమ్మకు నాలుగు ధరలు కావాలి: వ్యాపారం మొదలైనప్పటిది, ఆ రోజు తాకిన గరిష్ఠం, కనిష్ఠం, ముగిసినప్పటిది. మొదలుకూ ముగింపుకూ మధ్య ఉన్న భాగం కొవ్వొత్తి ఒళ్లు. పైకీ కిందికీ పొడుచుకొచ్చినవి వత్తులు. మొదలు కంటే ముగింపు పైనుంటే ఒక రంగు, కిందుంటే మరొక రంగు. ఈ బొమ్మకు అర్థం ఉండాలంటే రెండు షరతులు నెరవేరాలి. రోజు పొడుగునా అమ్ముడయ్యేది ఒకే సరుకై ఉండాలి. మొదలు, ముగింపు అనే క్షణాలు స్పష్టంగా ఉండాలి. దొజిమాలో ప్రమాణ బియ్యం మొదటి షరతును తీర్చింది, కాలే వత్తి రెండవదాన్ని తీర్చింది. ఆ రెండూ ఉన్నప్పుడే కొవ్వొత్తి ఒక రోజు కథను చెప్పగలదు: కొనేవారు ఎంతవరకు ఎగబాకారు, అమ్మేవారు ఎక్కడికి లాగారు, చివరికి ఎవరిది పైచేయి అయింది.

ఇప్పుడు జమ్మికుంట యార్డుకు వద్దాము. సాయంత్రానికి బయటికి వచ్చే లెక్క ఇలా ఉంటుంది: వాహనాలలో వచ్చిన విడి పత్తికి గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, సంచులలో వచ్చిన పత్తికి వేరే ధర. ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ పట్టికలో కనిష్ఠం, గరిష్ఠం, వాటితోపాటు మోడల్ ధర అనే మూడవ అంకె ఉంటాయి. ఆనాడు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అదే మోడల్ ధర. మొదటి ధర, ముగింపు ధర అనేవి పట్టికలో లేవు. ఉండవు కూడా. ఖరీదుదారులు ఒక బండి దగ్గరి నుంచి మరో బండి దగ్గరికి నడుస్తూ, పత్తిని పిడికిట్లోకి తీసుకొని, పింజ లాగి, తేమ చూసి ధర చెబుతారు. ఒక బండి పత్తి ఒక్కసారే అమ్ముడవుతుంది. పదిన్నరకు 7,400 పలికిన బండీ పన్నెండింటికి 6,200 పలికిన బండీ వేరు వేరు సరుకులు. ఆ రెండింటి నడుమ ధర ‘పడలేదు’. ఒకటి తొలి ఏరుడు తెల్లని పత్తి. మరొకటి తడిసినదో, గుడ్డికాయ కలిసినదో.

ఒక ఊహాలెక్క చూడండి. ఒకనాడు కనిష్ఠం 6,200, గరిష్ఠం 7,400, మోడల్ 7,100. ఆ రాత్రి వాన పడింది. మరునాడు గరిష్ఠం 7,400, మోడల్ 7,100 అలాగే ఉన్నాయి, కనిష్ఠం మాత్రం 5,400కు దిగింది. నిన్నటి మోడల్‌ను మొదటి ధరగానూ, నేటి మోడల్‌ను ముగింపుగానూ పెట్టి కొవ్వొత్తి గీస్తే ఏమవుతుంది? ఒళ్లు దాదాపు లేదు, కింద పొడవాటి వత్తి వేలాడుతుంది. చార్టు చదివేవారు సుత్తి అని పిలిచే ఆకారానికి ఇది దగ్గరి చుట్టం. వారి శాస్త్రం ప్రకారం దీని భావం: అమ్మేవారు ధరను పాతాళానికి లాగారు, కొనేవారు రంగంలో దిగి మళ్లీ పైకి తెచ్చారు, ఇక ధర పెరుగుతుంది. యార్డులో ఇటువంటి యుద్ధమేదీ జరగలేదు. కొందరు తడిసిన పత్తి తెచ్చారు, అంతే!

అందువల్ల నేను చూసే గుర్తు ఒకటుంది. కనిష్ఠం ఒక్కటే కదిలి మోడల్ కదలకపోతే అది సరుకు నాణ్యత సంగతి. గరిష్ఠం, మోడల్, కనిష్ఠం మూడూ కలిసి ఒకే వైపు నడిస్తేనే అంగడి కదిలిందనుకోవాలి. దీనికి కొవ్వొత్తులతో పని లేదు. మూడు అంకెలను మూడు గీతలుగా గీసుకుంటే చాలు.

వాయిదా చార్టులో అసలైన కొవ్వొత్తులే ఉంటాయి, కాదనను. అక్కడ ప్రమాణ సరుకు ఉంది, మొదలు ముగింపులూ ఉన్నాయి. అయితే అక్కడి అనుభవం సైతం అంత ఘనంగా లేదు. మార్షల్, యంగ్, రోజ్ అనే ముగ్గురు పరిశోధకులు డౌ జోన్స్ సూచీలోని షేర్ల మీద 1992 నుంచి 2002 దాకా కొవ్వొత్తి గుర్తులను పరీక్షించి 2006లో ఫలితం ప్రకటించారు. ఆ గుర్తుల వల్ల లాభం కనబడలేదు. ఒక రోజులో జరిగిన కథను కొవ్వొత్తి చక్కగా చెబుతుంది. రేపటి కథ చెప్పమనడమే దానికి మించిన బరువు.

ఇక మద్దతు గీత. దీన్ని నేను అంత తేలికగా కొట్టిపారేయలేను. కారొల్ ఆస్లర్ అనే ఆర్థికవేత్త న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు తరఫున 2000 సంవత్సరంలో ఒక పరిశీలన వెలువరించింది. విదేశీ మారక వ్యాపార సంస్థలు తమ ఖాతాదారులకు పంపే మద్దతు, నిరోధ మట్టాలను సేకరించి, వాటిని ఊరకే ఎంచుకున్న మట్టాలతో పోల్చి చూసింది. ధర నడక ఆ సంస్థలు చెప్పిన మట్టాల దగ్గరే ఎక్కువసార్లు ఆగిందని తేలింది. కారణం మంత్రమేమీ కాదు. కొనుగోలు, అమ్మకపు ఆజ్ఞలు గుండ్రని అంకెల దగ్గర గుంపుగా పేరుకొని ఉంటాయి. అంటే గీత ధరను ఆపదు. ఆ గీత దగ్గర డబ్బు పట్టుకొని నిలబడ్డవాడు ఆపుతాడు. వాడు వెళ్లిపోతే గీత మిగులుతుంది, మద్దతు మిగలదు.

ఈ దృష్టితో చూస్తే మన కనీస మద్దతు ధరే అన్నింటికన్నా నిఖార్సైన మద్దతు గీత. అక్కడ డబ్బు పట్టుకొని నిలబడ్డవాడికి పేరుంది: 1970లో ఏర్పడ్డ భారత పత్తి సంస్థ, మనవాళ్లు సీసీఐ అనే సంస్థ. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. బజారు ధర అంతకంటే దిగువన నడిచిన ఆ సీజనులో దేశం మొత్తం మీద సీసీఐ కొన్న పత్తిలో తెలంగాణ వాటా చాలా పెద్దది. చార్టు మీద ఎవరూ గీయకుండానే ఏర్పడ్డ గీత అది.

కాని ఆ గీతకూ కన్నాలున్నాయి. 7,521 అన్నది తేమ 8 శాతం ఉన్న పత్తికి. అంతకు మించిన ఒక్కో శాతానికీ ధరలో ఒక్కో శాతం కోత. 12 శాతం తేమ ఉంటే నాలుగు శాతం, అంటే సుమారు 301 రూపాయలు పోయి 7,220 చేతికి వస్తుంది. 12 దాటితే సీసీఐ కొనదు. అక్కడ మద్దతు మెల్లగా సన్నబడదు, ఒక్కసారిగా మాయమవుతుంది. 12 శాతం ఉన్న బండికి 7,220 దగ్గర నేల ఉంది. పక్కనే 13 శాతం ఉన్న బండికి నేలే లేదు, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. ఆదిలాబాద్ యార్డులో కొనుగోళ్లు మొదలయ్యే రోజున ధర కంటే తేమ మీదే పెద్ద రగడ నడవడానికి కారణమిదే. అక్టోబరు, నవంబరు మంచులో ఏరిన పత్తికి తేమ సహజం. కాబట్టి మన రైతుకు మద్దతు గీత అడ్డంగా ఉండదు. తేమ కొలిచే యంత్రం చూపే అంకెను బట్టి ఏటవాలుగా ఉంటుంది, ఒక చోట తెగిపోతుంది.

ఇక నిరోధం మాట. ఇది జ్ఞాపకంతో చేసిన వస్తువు. 2022 తొలి నెలల్లో ఉత్తర తెలంగాణ యార్డులలో పత్తి క్వింటాలుకు 10 వేల రూపాయలు దాటింది. అంతకు ముందు కలలో కూడా ఊహించని ధర. ఆ ఏడాది పొడవు పింజ పత్తి మద్దతు ధర 6,025 మాత్రమే. మరుసటి సీజనులో పంట చేతికి వచ్చేసరికి అందరి మనసులో ఆ 10 వేలే పాతుకుపోయి ఉంది. ఆదిలాబాద్ ప్రాంతంలో ఎందరో పత్తిని ఇళ్లలోనే నిలవ చేశారు. వసారాల్లో, పడకగదుల్లో పత్తి పోసుకొని దురదలతో బాధపడ్డవారున్నారు. 2023 వసంతానికి ధర 8 వేలకూ అంతకు కిందికీ జారింది.

చార్టుల పుస్తకాలలో ఒక సూత్రం ఉంది: ఒకసారి దాటిన నిరోధం మరుసటిసారి మద్దతుగా మారుతుంది. 10 వేల విషయంలో ఇది పనిచేయకపోవడానికి కారణం వెతకడం కష్టం కాదు. 2022లో ఆ ధర చెల్లించినవాడు జిన్నింగు మిల్లువాడు, అతని వెనుక దూది ఎగుమతిదారు, నూలు మిల్లు. ప్రపంచ బజారులో దూది ధర పడగానే ఆ వరుసలో ఒక్కడికీ 10 వేల దగ్గర నిలబడే అవసరం లేకుండా పోయింది. ఆ అంకెను గుర్తుంచుకున్నది అమ్మేవాడు మాత్రమే. అమ్మేవాడి జ్ఞాపకం నిరోధాన్ని కట్టగలదు, ఎందుకంటే ధర అక్కడికి చేరితే అందరూ ఒక్కసారిగా సరుకు దింపుతారు. మద్దతును కట్టడానికి మాత్రం కొనేవాడి జ్ఞాపకం కావాలి. ఈ తేడాను స్పష్టంగా చెప్పిన చార్టు పుస్తకం నా కంట పడలేదు.

చలన సగటు గురించి కొంచెం లెక్క చేద్దాము. గడచిన పది రోజుల ధరలను కూడి పదితో భాగించడం, మరునాడు పాతదొకటి తీసి కొత్తదొకటి చేర్చడం. ఇంతే దాని రహస్యం. ధర 7,000 నుంచి రోజుకు వంద చొప్పున పెరిగి పదవ రోజున 7,900కు చేరిందనుకోండి. ఆనాటి సగటు 7,450. పదకొండవ రోజు నుంచి రోజుకు వంద చొప్పున పడసాగింది: 7,800, 7,700, 7,600. సగటు మాత్రం ఇంకా పైకే నడుస్తుంది: 7,530, 7,590, 7,630. పదమూడవ రోజున ధర సగటు కిందికి దిగింది. చార్టువారు అమ్మమని చెప్పే క్షణమిది. అప్పటికే శిఖరం నుంచి 300 పోయింది. ఇది పనిముట్టు లోపం కాదు, దాని స్వభావం. నిన్నటివన్నీ కలిపి చూసేది నిన్నటి వైపే మొగ్గుతుంది. అందుకు బదులుగా అది ఒక్కరోజు వానకో, ఒక్క పండుగ సెలవుకో కంగారు పడదు.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు వేరే ఉంది. 1927లో రష్యా గణితవేత్త యెవ్‌గెనీ స్లుట్‌స్కీ ప్రభుత్వ లాటరీలో వచ్చిన అంకెలను తీసుకొని, వాటి మీద చలన సగటు వంటి కూడికలు చేసి చూశాడు. లాటరీ అంకెలకు ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు కదా. అయినా ఫలితంగా వచ్చిన గీత అలలు అలలుగా లేచి పడింది, నిజమైన వ్యాపార చక్రాల గీతను పోలి కనిపించింది. అల లాటరీలో లేదు, కూడికలో పుట్టింది. పత్తి చార్టు మీద నున్నని అల చూసి “ఇగ లేస్తది” అనేవారికి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

మన యార్డుల దగ్గర మరొక ప్రత్యేకమైన చిక్కు. షేర్లవారు 200 రోజుల సగటును గొప్పగా చెప్పుకుంటారు. పత్తి యార్డుకు ముమ్మరంగా రావడం అక్టోబరు నుంచి మార్చి దాకానే. 200 రోజుల సగటు గీస్తే అందులో పోయిన ఏటి పంట, ఈ ఏటి పంట కలగాపులగంగా ఉంటాయి. ఒకే సీజనులోనూ తొలి ఏరుడు పత్తి వేరు, సంక్రాంతి తర్వాత వచ్చే చివరి ఏరుడు వేరు. పింజ పొట్టి, రంగు పసుపు. ఫిబ్రవరిలో సగటు గీత వంగితే అందులో బజారు పడినది ఎంత, పత్తి తగ్గినది ఎంత అన్నది గీత చెప్పదు. యార్డుకు వెళ్లి పిడికిట్లోకి తీసుకొని చూడాలి.

ఇన్ని లోపాలు చెప్పి కూడా నేను గీతలు మానలేదు. ఒక గళ్ల కాగితం మీద మోడల్ ధరను చుక్కలుగా పెడతాను. దాని మీదుగా పది అంగడి రోజుల సగటు. ఆ ఏటి మద్దతు ధరకు రెండు గీతలు: 8 శాతం తేమకు ఒకటి, 12 శాతానికి ఒకటి. అడుగున ఆనాడు వచ్చిన సరుకు ఎన్ని క్వింటాళ్లో రాస్తాను. మోడల్ ఆ రెండు మద్దతు గీతల మధ్యకు వచ్చిందంటే అమ్మకానికి ముందు ఆరబెట్టడానికి పట్టే రెండు రోజుల శ్రమకు ఎంత ఫలితముందో లెక్క కట్టుకోవచ్చు. రెండింటి కంటే పైనుంటే సీసీఐ కేంద్రం దగ్గర వరుసలో నిలబడనక్కరలేదు. జమ్మికుంట యువకుడికి ఈ కాగితమొకటి గీసి ఇచ్చాను. తన ఫోనులోని కొవ్వొత్తులంత అందంగా లేదన్నాడు గాని, తేమ గీతలు రెండూ ఎందుకున్నాయో మాత్రం చెప్పకుండానే గ్రహించాడు. మార్చి చివరికి ఆ కాగితం మీద చుక్కలు పలచబడతాయి. అక్టోబరులో పాతదాన్ని కొనసాగించకుండా కొత్త కాగితం తీసుకొమ్మని చెప్పాను.